మెడ మీద మొలిచింది పులిపిరా, స్కిన్ ట్యాగా? తీయించుకునే ముందు ఇలా చూసుకోండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన ఇళ్లలో మెడ మీద చిన్న కండ ముక్క ఏది మొలిచినా పులిపిరి అనే అంటాం. గరుగ్గా ఉన్నా పులిపిరే, మెత్తగా వేలాడుతున్నా పులిపిరే. మాట ఒక్కటే కాబట్టి మందూ ఒక్కటే అనుకుంటాం, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. అసలు పులిపిరి వైరస్ వల్ల వస్తుంది, గీరితే పక్కకి పాకుతుంది, ఇంట్లో ఇంకొకరికి అంటుకోవచ్చు. మెత్తగా వేలాడేదాన్ని డాక్టర్లు స్కిన్ ట్యాగ్ అంటారు. అందులో ఏ క్రిమీ ఉండదు, కాస్త కొవ్వో పీచో సన్నని రక్తనాళమో లోపల పెట్టుకుని బయటికి సాగిన చర్మం, అంతే. అది ఎవరికీ అంటదు. చాలామందికి ముప్పై ఏళ్లు మెడ మీద ఉన్నా ఏ ఇబ్బందీ పెట్టదు.

నేను బరంపురంలో ఒక చర్మం డాక్టరు గారి దగ్గర పదకొండేళ్లుగా నర్సుగా చేస్తున్నాను, మా ఊరు పర్లాకిమిడి. నెలకి ఒకరిద్దరైనా మెడ కాల్చుకుని వస్తారు. సున్నంలో చాకలి సోడా కలిపి పెట్టినవాళ్లు, జీడి పిక్కల పెంకు నూనె రాసినవాళ్లు, ఆన్‌లైన్‌లో ఏదో చుక్కల మందు తెప్పించుకుని వేసినవాళ్లు. వాళ్లలో సగంమందికి అసలు తీయాల్సిన అవసరమే లేదు. అది చూడలేకే ఇది రాస్తున్నాను. పోయిన చలికాలం మా మేనత్త మెడ మీద మేము ఏం చూశామో, ఏం తీయించామో, ఏం వదిలేశామో దారిలో చెబుతాను, మీరు మీ మెడతో పోల్చుకుంటూ వెళ్లండి.

మొదట వెలుతురు. బాత్రూమ్ బల్బు కింద చూస్తే ఏదీ తేలదు. పొద్దున్న ఎనిమిది తొమ్మిది మధ్య వీధి అరుగు మీదో, కిటికీ పక్కనో కూర్చోండి. మెడ, చంకలు మామూలు సబ్బుతో కడిగి ఆరనివ్వండి, పౌడరు, నూనె ఏమీ ఉండకూడదు. మీ మెడ మీకు సరిగ్గా కనబడదు కాబట్టి ఇంట్లో ఒకర్ని ఫోన్‌తో దగ్గరగా ఫోటోలు తీయమనండి. పక్కన స్కేలో, రూపాయి బిళ్లో పెట్టి తీస్తే తర్వాత పెరిగిందా లేదా అని వాదించుకోనక్కర్లేదు. ఒక్కోటీ విడిగా తీయండి, అన్నీ కలిపి ఒక్క ఫోటో తీస్తే ఉపయోగం లేదు. ఏది ఎక్కడుందో, ఎప్పటినుంచి ఉందో ఒక కాగితం మీద రాసుకోండి.

మా అత్తకి నలభై ఆరేళ్లు. "ఓలమ్మా, నా మెడ నిండా పులిపిర్లే, ఏటి సెయ్యాలో సెప్పు" అని ఫోన్ చేసింది. వెళ్లి అరుగు మీద కూర్చోబెట్టి లెక్కపెడితే మెడ చుట్టూ పద్నాలుగు, చంకల్లో ఐదు. ఆవిడకి అన్నీ ఒకటే. నాకు మూడు రకాలు కనబడ్డాయి.

ఇప్పుడు వేళ్లు. చేతులు కడుక్కుని, ఒక్కోదాన్నీ రెండు వేళ్ల మధ్య మెల్లగా పట్టుకుని అటూ ఇటూ కదపండి. స్కిన్ ట్యాగ్ అయితే మెత్తగా ఉంటుంది, సన్నటి కాడ మీద వేలాడుతుంది, వేలితో ఒకవైపు పడుకోబెడితే పడుకుంటుంది, వదిలితే మళ్లీ లేస్తుంది. పైభాగం నున్నగానో, కొద్దిగా ముడతలుగానో ఉంటుంది. రంగు మన చర్మం రంగే, లేదా కాస్త ముదురు గోధుమ. సైజు ఎక్కువగా 1 నుంచి 5 మిల్లీమీటర్ల లోపు, అంటే ఆవగింజ నుంచి కందిగింజ దాకా, అక్కడక్కడా ఇంకా పెద్దవి కూడా ఉంటాయి. చర్మం చర్మంతో ఒరుసుకునే చోట, గొలుసు రాసుకునే చోట, కాలర్ తగిలే చోట వస్తాయి, అందుకే మెడ, చంకలు, గజ్జలు, ఆడవాళ్లకి రొమ్ముల కింద.

పులిపిరి చేతికి వేరేగా తెలుస్తుంది, గరుకు. మెడ మీద వచ్చే చిన్న పులిపిర్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి దారప్పోగుల్లా, ముళ్లలా పైకి లేచి ఉంటుంది, కొస గట్టిగా, పొడిగా, చిన్న బ్రష్ కుచ్చులా ఉంటుంది. దీనికీ సన్నటి కాడ ఉంటుంది కాబట్టి స్కిన్ ట్యాగ్ అని పొరబడేది దీన్నే. కాడ చూసి మోసపోకండి, కొస చూడండి, కొస గరుగ్గా చీలినట్టు ఉంటే పులిపిరి. రెండో రకం బల్లపరుపుగా, గుండుసూది తల అంతో ఇంకాస్త పెద్దదో, కొంచెం గోధుమ రంగులో, ఒకటి కాదు గుంపుగా వస్తుంది. గడ్డం గీసుకునే మగవాళ్లకి దవడ కింద, చంకలు షేవ్ చేసుకునే ఆడపిల్లలకి చంకల్లో, బ్లేడు వెళ్లిన దారిలోనే గీత గీసినట్టు వరుసగా మొలుస్తాయి. ఆ వరుస కనబడిందంటే దాదాపు పులిపిరే, ఎందుకంటే బ్లేడు గీసిన సన్నని గాట్లలోకి వైరస్‌ని మనమే నాటుతున్నాం.

ఇంకో గుర్తు కూడా ఉంది. ఫోటోని పెద్దది చేసి చూడండి. పులిపిరిలో కొన్నిసార్లు నల్లటి చుక్కలు కనబడతాయి. అవి విత్తనాలని, వేళ్లని మనవాళ్లు అనుకుంటారు, గోటితోనో సూదితోనో తవ్వేస్తారు. అవి గడ్డకట్టిన సన్నని రక్తనాళాలు. తవ్వితే రక్తం వస్తుంది, ఆ గోటితో పక్కన గీరుకుంటే అక్కడ కొత్తది వస్తుంది. చుక్కలు లేనంతమాత్రాన పులిపిరి కాదని మాత్రం అనుకోవద్దు, మెడ మీద చిన్నవాటిలో తరచుగా కనబడవు.

తర్వాత వయసు, చరిత్ర. ట్యాగ్‌లు ఏళ్ల తరబడి ఒకటీ ఒకటీ పెరుగుతూ వస్తాయి, నడివయసు నుంచి ఎక్కువ, గర్భిణులకి ఆ నెలల్లో ఎక్కువ, ఒళ్లు ఉన్నవాళ్లకి ఎక్కువ. పులిపిర్లు వారాల్లో, నెలల్లో వస్తాయి, పిల్లలకీ కుర్రాళ్లకీ ఎక్కువ, ఇంట్లోనో సెలూన్‌లోనో ఒకే బ్లేడు, ఒకే తువ్వాలు వాడిన జాడ దొరుకుతుంది. మీ ఇంట్లో ఎవరి చేతి మీదైనా పులిపిరి ఉందా అని కూడా చూడండి.

మా అత్త లెక్క ఇలా తేలింది. మెడ మీద పదకొండు మెత్తగా, కాడతో, ఆరేడేళ్లుగా ఉన్నవి, అవి ట్యాగ్‌లు. చంకల్లో ఐదూ అవే. దవడ కింద రెండు మాత్రం నాలుగు నెలల కిందట వచ్చినవి, కొస ముళ్లలా ఉంది, రాస్తే గరుకు. ఆవిడ మనవడి వేలి మీద పులిపిరి ఉంది, వాడు రోజూ మెడ పట్టుకునే పడుకుంటాడు. ఇక పద్నాలుగోది కాలరెముక దగ్గర, నల్లగా, కాస్త ఉబ్బెత్తుగా, పెళ్లి ఫోటోలో కూడా కనబడుతోంది. అది పుట్టుమచ్చ. ఆవిడ ఆ మచ్చకి కూడా గుర్రపు తోక వెంట్రుక కట్టడానికి సిద్ధపడింది.

ఈ ఒక్క విషయంలో నా మాట వినండి. నల్లగా ఉన్నది, ఒకే దానిలో రెండు మూడు రంగులున్నది, అంచు వంకరటింకరగా ఉన్నది, దెబ్బ తగలకుండానే రక్తం వచ్చేది, కొన్ని వారాల్లోనే పెరిగిపోయింది, గట్టిగా రాయిలా ఉన్నది, పుండై నెల దాటినా మానంది, వీటిలో ఏది కనబడినా ఇంట్లో ఏమీ చేయకండి, పార్లర్‌లో కాల్పించకండి. కాల్చేస్తే అది ఏమిటో తెలుసుకునే ముక్క కూడా మిగలదు. డాక్టరు కోసి తీస్తే దాన్ని సీసాలో పెట్టి బయాప్సీకి పంపుతారు. నూటికి ఎక్కువశాతం ఏమీ ఉండదు, కానీ ఆ కొద్దిమందిలో మీరు ఉన్నారో లేదో తెలుసుకునే దారి అదొక్కటే.

ఒక నలుపుకి మాత్రం భయపడనక్కర్లేదు. ఎన్నో ఏళ్లుగా ఉన్న ట్యాగ్ ఒకటి రాత్రికి రాత్రి నొప్పెట్టి, మర్నాడు నల్లబడిందనుకోండి, కాడ మెలిపడి రక్తం ఆగిపోయిందన్నమాట. గొలుసులో చిక్కుకునో, నిద్రలో దొర్లినప్పుడో అలా అవుతుంది. చాలావరకు కొన్నాళ్లలో ఎండి అదే రాలిపోతుంది. లాగకుండా శుభ్రంగా ఉంచండి. చుట్టూ ఎర్రబడి పాకుతున్నా, చీము పట్టినా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ముందు నుంచీ అక్కడ మెత్తని ట్యాగ్ ఉండేదని మీకు గట్టిగా తెలిస్తేనే ఇలా ఆగండి, తెలియకపోతే చూపించుకోండి.

పిల్లల చంకల్లో ముత్యంలా నున్నగా మెరుస్తూ, నడిమధ్య చిన్న గుంట ఉన్న పొక్కులు వస్తే అవి ఈ రెండూ కావు, మొలస్కమ్ అనే ఇంకో వైరస్ పొక్కులు. అవి కూడా అంటుకుంటాయి, గిల్లనివ్వకండి.

ఇక తీయించుకోవడం సబబేనా అన్న సంగతి. స్కిన్ ట్యాగ్‌ని ఆరోగ్యం కోసం తీయాల్సిన పని లేదు. ఉంచితే క్యాన్సర్ అవుతుందనేది మాట వరసకి కూడా నిజం కాదు. పుస్తెల తాడుకో, గొలుసుకో, కాలర్‌కో తగిలి మాటిమాటికీ నొప్పెడుతుంటే, షేవింగ్‌లో తెగుతుంటే, మెలిపడుతుంటే తీయించుకోండి. చూడ్డానికి బాగాలేదు అనిపించినా తీయించుకోండి, అది కూడా కారణమే, దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. కాకపోతే ఒకటి తీసిన చోట రాకపోయినా పక్కన కొత్తవి వస్తుంటాయని తెలిసి తీయించుకోండి. గర్భంతో ఉన్నవాళ్లు కాన్పు అయ్యేదాకా ఆగండి, కొన్ని వాటంతట అవే చిన్నవవుతాయి. సుగరు అదుపులో లేనివాళ్లు ముందు దాన్ని దారిలో పెట్టుకుని రండి, లేకపోతే చిన్న గాయమే చీము పడుతుంది.

పులిపిరికి లెక్క వేరు. శరీరం దాన్ని గుర్తుపడితే అదే పోతుంది, పిల్లల్లో మూడింట రెండు వంతులు రెండేళ్లలో మందు లేకుండానే మాయమవుతాయి. పెద్దవాళ్లలో అంత తొందరగా పోవు. మెడ, చంక రోజూ ఒరుసుకునే, గీసుకునే చోట్లు కాబట్టి అక్కడ పెరుగుతూ పోతుంటే ఆగకుండా తీయించుకోవడమే మంచిదని నా ఉద్దేశం. రెండు ఉన్నప్పుడు పది నిమిషాల పని, ఇరవై అయ్యాక నెలల పని.

ట్యాగ్‌లు ఎక్కువున్నవాళ్లు ఇంకో చూపు చూడాలి, ఇది తీయించుకోవడం కంటే పెద్ద పని. మెడ వెనక, చంకల్లో చర్మం మందంగా, నల్లగా, మఖమల్ గుడ్డలా మెత్తగా అయిందా? ఎంత తోమినా పోదు, మురికి అనుకుని పిల్లల్ని పీచుతో రుద్దేస్తుంటారు. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక ఎక్కువగా ఊరుతుంటే చర్మం అలా మారుతుంది, ట్యాగ్‌లు కూడా దానితోపాటే వస్తాయి. ఈ రెండూ కలిసి కనబడితే పరగడుపున సుగరు పరీక్ష చేయించుకోండి. 100 లోపు ఉంటే మామూలు, 100 నుంచి 125 దాకా సుగరు ముంగిట ఉన్నట్టు, 126 అంతకు మించి రెండుసార్లు వస్తే సుగరు వచ్చినట్టు. మా అత్తకి 118 వచ్చింది. మూడు నెలల సగటు చూపే పరీక్షలో 6.1, అది కూడా ముంగిటే. మెడ చూపించడానికి వచ్చిన మనిషికి అసలు సంగతి రక్తంలో దొరికింది. రెండు పూటలా అన్నం తగ్గించి సాయంత్రం మహేంద్రతనయ ఒడ్డు దాకా నడవడం మొదలుపెట్టింది, ఆ నడకే మెడకి అసలు మందు.

ఎక్కడికి వెళ్లాలి అంటే చర్మం డాక్టరు దగ్గరికి. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, కోరాపుట్, జయపురం వైపు వాళ్లకి కోరాపుట్ మెడికల్ కాలేజీ, పాతపట్నం దాటి వెళ్లగలిగితే శ్రీకాకుళం. ప్రైవేటుకి వెళ్తే డబ్బు ఒక్కోదానికి తీసుకుంటారా, ఒక సిట్టింగ్‌కి తీసుకుంటారా అని ముందే అడగండి, పద్దెనిమిది ఉన్నప్పుడు ఆ తేడా చాలా ఉంటుంది. ఒడియా తడబడేవాళ్లు ఓపీ చీటీ వెనక నాలుగు మాటలు రాసుకెళ్లండి: ఎప్పటినుంచి, పెరుగుతోందా, రక్తం వచ్చిందా, ఇంతకు ముందు ఏం రాశారు. ఈ నాలుగూ తప్పక చెప్పండి, పైగా రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నా, గుండెకి పేస్‌మేకర్ ఉన్నా, సుగరు ఉన్నా, పాత గాయాలు ఉబ్బెత్తుగా మచ్చలు కట్టే ఒళ్లు అయినా చెప్పండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

చేసేది ఇలా ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల లోపు సన్నకాడ ట్యాగ్‌ని శుభ్రం చేసిన చిన్న కత్తెరతో ఒక్క కత్తిరింపులో తీసేస్తారు, మత్తు సూది కూడా వేయకపోవచ్చు, ఎందుకంటే సూది గుచ్చే నొప్పే దానికంటే ఎక్కువ. భయపడేవాళ్లకి గంట ముందు మత్తు క్రీము రాసి ప్లాస్టిక్ కాగితం అంటిస్తారు. కాస్త లావు కాడ అయితే సూదిమత్తు ఇచ్చి కరెంటు సూదితో, మన భాషలో కాటరీతో, కాల్చి తీస్తారు, రక్తం కూడా అప్పుడే ఆగుతుంది. ముళ్లలా ఉండే పులిపిరికి కూడా కాటరీయే బాగుంటుంది, మొదలు గీకి కాలుస్తారు. బల్లపరుపు గుంపుని మాత్రం కాల్చమని పట్టుబట్టకండి, ముప్పై చోట్ల మచ్చలు పడతాయి, వాటికి రాత్రిపూట రాసే క్రీము ఇస్తారు, నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి. చల్లటి నైట్రోజన్‌తో గడ్డకట్టించే పద్ధతి కూడా ఉంది. మన చామనఛాయ చర్మం మీద అది తెల్లమచ్చ వదలొచ్చు, మెడ లాంటి కనబడే చోట చేయించుకునే ముందు ఆ మాట డాక్టరుని సూటిగా అడగండి.

చేతికీ కాలికీ పులిపిర్లకని మందుల షాపులో ఇచ్చే సాలిసిలిక్ యాసిడ్ సీసా మెడకీ చంకకీ వాడొద్దు. అరికాలి తోలుని కరిగించే మందు అది, మెడ చర్మం పలచన, చంకలో చెమటకి కారి చుట్టూ పాకుతుంది. సున్నం, సోడా చేసే పని కూడా అదే, ఇంకా ఘోరంగా. రెండూ గాఢమైన క్షారాలు, పైకి నొప్పి తగ్గాక కూడా లోపలికి దిగుతూనే ఉంటాయి. మా వీధిలో ఒకావిడ బఠాణీ గింజంత ట్యాగ్‌కి పెట్టుకుంటే రూపాయి బిళ్లంత గుంట పడింది, ఎనిమిది నెలలైనా నల్లమచ్చ పోలేదు. జీడి పెంకు నూనె సంగతి మన పక్కన పలాసలో జీడి ఒలిచే ఆడవాళ్లని అడగండి, వాళ్ల వేళ్లు చూస్తే చాలు. వెంట్రుక కట్టడం వల్ల సన్నకాడ ట్యాగ్ కొన్నిసార్లు రాలుతుంది, కాదనను. కానీ రోజుల తరబడి కుళ్లుతూ ఉన్న ముక్క చంక చెమటలో ఉంటుంది, చీము అక్కడే పడుతుంది. అదే పులిపిరికి కడితే పైది రాలి మొదలు ఉండిపోతుంది, మళ్లీ వస్తుంది. పార్లర్‌లో కత్తిరించుకునేవాళ్లు ఆ కత్తెర ముందు ఎవరి రక్తం చూసిందో ఆలోచించండి, హెపటైటిస్ బి అలా వస్తుంది.

తీయించుకున్నాక మొదటి రోజు తడపకండి. రెండో రోజు నుంచి సబ్బునీళ్లతో మెల్లగా కడిగి, అద్ది, డాక్టరు ఇచ్చిన ఆయింట్‌మెంట్ పలచగా రాయండి. పసుపు, పౌడరు, సెంటు వద్దు. పక్కు వారం పది రోజుల్లో ఊడుతుంది, గిల్లితే మచ్చ పడుతుంది. పుస్తెల తాడు తీయడం ఇష్టం లేనివాళ్లు గొలుసుకి మెత్తని నూలు గుడ్డ చుట్టి జాకెట్టు పైనుంచి వేసుకోండి. చంకలో చేయించుకుంటే మానేదాకా షేవింగ్ ఆపండి. పులిపిరి ఉన్నవాళ్లు షేవింగ్ మొత్తంగా ఆపి వెంట్రుకల్ని కత్తెరతో కత్తిరించుకోండి, మగవాళ్లు సెలూన్‌లో కొత్త బ్లేడు కళ్లముందు వేయించుకోండి, తువ్వాలు ఎవరిది వాళ్లకే. ఎర్రదనం తగ్గాక గోధుమరంగు మచ్చ రెండు మూడు నెలలు ఉంటుంది, ఎండ తగలకుండా చూసుకుంటే తొందరగా పోతుంది.

మా అత్తకి చివరికి తీసింది ఐదే. గొలుసుకి తగిలే మూడు ట్యాగ్‌లు కత్తెరతో, దవడ కింద రెండు పులిపిర్లు కాటరీతో. పుట్టుమచ్చని డాక్టరు భూతద్దంతో చూసి, ఫోటో దాచుకోమని వదిలేశారు. మిగతా ట్యాగ్‌లు అలాగే ఉన్నాయి, ఆవిడకీ ఇప్పుడు వాటి టెన్షన్ లేదు. ఆరు వారాలకి ఒక పులిపిరి ఉన్నచోటే మళ్లీ గరుగ్గా తగిలింది. పులిపిరి అలా తిరిగి రావడం మామూలే, చుట్టూ చర్మంలో వైరస్ మిగిలి ఉంటుంది. ఆవగింజంత ఉండగానే తీసుకొచ్చింది, ఇంకోసారి కాల్చారు. అదే రోజు మనవడి వేలికి కూడా మందు రాయించాం.